సప్లయర్‌కి వారంటీ క్లెయిమ్ ఉత్తరం: ఒకే లాట్ పవర్ సప్లైలు వరసగా పోతున్నాయి, ఎలా రాయాలి?

లేబుల్_మెషీన్

అందరికీ నమస్కారం. మేం సీసాలకు లేబుళ్లు అంటించే చిన్న యంత్రాలు తయారు చేస్తాం. కంట్రోల్ ప్యానెల్‌లో 24 వోల్టుల, 5 ఆంపియర్ల పవర్ సప్లై ఉంటుంది. ఒకే సప్లయర్ దగ్గర, ఒకే మోడల్, రెండు లాట్లు కొన్నాం. మొదటి లాట్ 200 పీసులు, ఏడాది దాటినా బాగా నడుస్తున్నాయి. రెండో లాట్ 500. అందులో 320 బిగించేశాం, 180 స్టోర్స్‌లో ఉన్నాయి. బిగించినవి నాలుగైదు నెలలకే పోవడం మొదలైంది, ఇప్పటికి 41 పోయాయి. యంత్రం నడుస్తూ నడుస్తూ దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతోందని కస్టమర్ల ఫోన్లు. చాలా టెన్షన్‌గా ఉంది.

వారంటీ డిస్పాచ్ తేదీ నుంచి 18 నెలలు. ఫోన్ చేస్తే 'పోయినవి పంపండి, చూస్తాం' అంటున్నారు. అందుకే ఉత్తరం రాద్దామనుకున్నాను. ఇదీ డ్రాఫ్ట్:

"మీరు పంపిన పవర్ సప్లైలు నాసిరకంగా ఉన్నాయి. చాలా పీసులు పాడైపోయాయి. మా కస్టమర్ల దగ్గర మా పరువు పోయింది. నాణ్యత విషయంలో మీరు మమ్మల్ని మోసం చేశారు. వెంటనే తగిన చర్య తీసుకుని నష్టపరిహారం చెల్లించగలరు."

ఇలా పంపొచ్చా?

క్యూసీ_పాతకాపు

పంపకండి. నేను చాలా ఏళ్లు సప్లయర్ కంపెనీలో క్వాలిటీ విభాగంలో కూర్చుని ఇలాంటి ఉత్తరాలు చదివిన మనిషిని. ఈ డ్రాఫ్ట్ నా టేబుల్ మీదకు వస్తే ఏమవుతుందో చెబుతాను.

'చాలా పీసులు' అంటే ఎన్నో తెలీదు కాబట్టి ముందు ఆ వివరం అడుగుతూ ఒక జవాబు వెళ్తుంది. దాంతోనే వారం గడుస్తుంది. 'మోసం' అన్న మాట కనబడగానే ఫైలు ఇంజనీర్ చేతిలోంచి లాయర్ చేతికి పోతుంది. ఆ తర్వాత మీతో నిజం మాట్లాడగల మనిషి నోరు విప్పడు. 'తగిన చర్య' అన్నారు కాబట్టి ఏది తగిందో మేమే తేల్చుకుంటాం: 41 పీసులు రిపేర్ చేసి పంపేస్తాం, కేసు క్లోజ్. ఇంకా పోని 279, స్టోర్స్‌లో ఉన్న 180 గురించి మీరు అడగనే లేదు కదా.

అసలు మీ సమస్య ఆ 41 కాదు, లాట్ మొత్తం. ఉత్తరం ఆ సంగతిని నిరూపించాలి. అందుకు నాకు కొన్ని వివరాలు కావాలి. లేబుల్ మీద లాట్ లేదా డేట్ కోడ్ ఏముంది? యంత్రం నడుస్తున్నప్పుడు ఎంత కరెంటు లాగుతోంది? ప్యానెల్ లోపల వేడి ఎంత? అన్నిటికంటే ముఖ్యంగా, రెండు లాట్ల పీసులూ పక్కపక్కనే ఉన్న యంత్రం ఒక్కటైనా ఉందా?

మా_ఇంటి_సంగతి

నాదీ ఇదే బాధండీ. వాషింగ్ మెషీన్ వారంటీలో ఉండగానే మోటారు పోయింది. సర్వీసు వాళ్లు వచ్చి చూసి 'వోల్టేజ్ ఎక్కువ వచ్చింది, వారంటీ వర్తించదు' అని రాసి వెళ్లిపోయారు. మీరు కూడా కస్టమర్ కేర్‌లో కంప్లయింట్ నంబర్ తీసుకోండి, అది లేకపోతే ఎవరూ పట్టించుకోరు.

స్టోర్స్_అమ్మాయి

అక్కా, మీది ఇంటికి కొన్న వస్తువు. వీళ్లది కంపెనీకీ కంపెనీకీ మధ్య కొనుగోలు, పర్చేజ్ ఆర్డర్‌లో రాసుకున్న షరతులే ఇక్కడ నడుస్తాయి. అయితే మీరు చెప్పిన 'వోల్టేజ్ ఎక్కువ వచ్చింది' అన్న సాకు వీళ్లకీ తప్పదు. దానికి జవాబు ముందే ఉత్తరంలో ఉండాలి.

మీకు కూడా ఒక మాట: 'వోల్టేజ్ ఎక్కువ' అన్నది ఎలా తేల్చారో, ఏ పార్ట్ కాలిందో రాతలో ఇమ్మని అడగండి.

సోల్డరింగ్_శీను

పోయినవాటిని ఎవరైనా విప్పి చూశారా అన్నా? లోపల ఏం కనబడింది?

లేబుల్_మెషీన్

మా టెక్నీషియన్ మూడు విప్పాడు. మూడింటిలోనూ ఔట్‌పుట్ వైపు కెపాసిటర్లు పైన ఉబ్బి ఉన్నాయి, ఒకదాని మీద గీతల దగ్గర చీలి గోధుమరంగు జిగురు లాంటిది బయటికి వచ్చింది. ఫొటోలు తీశాం. ఇంకో సంగతి. ఈ కెపాసిటర్ల మీద 85 డిగ్రీలు అని ఉంది. మొదట్లో వాళ్లు అప్రూవల్‌కి ఇచ్చిన శాంపిల్ మా దగ్గరే ఉంది, అందులో అదే చోట 105 డిగ్రీలవి ఉన్నాయి.

కొత్త లాట్ డేట్ కోడ్ 2412. పాతది 2338. లోడ్ 3.2 ఆంపియర్లు. ఎండగా ఉన్నరోజు ప్యానెల్ లోపల 46 డిగ్రీలు. డేటాషీట్ ప్రకారం 50 డిగ్రీల దాకా ఫుల్ లోడ్ ఇవ్వొచ్చు. రెండు లాట్లూ పక్కపక్కన ఉన్నాయా అన్నది చూసి చెబుతాను.

సోల్డరింగ్_శీను

అయితే సంగతి బయటపడింది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి వేడే శత్రువు. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుందన్నది అందరూ వాడే లెక్క. రెండు రకాలకీ రేటింగ్ వేడి దగ్గర 2000 గంటల హామీ ఉందనుకుందాం. కెపాసిటర్ ఒంటి మీద 75 డిగ్రీలుంటే 85 రకం సుమారు 4000 గంటలు వస్తుంది. ప్యానెల్ రోజంతా ఆన్‌లో ఉంటే అయిదున్నర నెలలు. అదే 105 రకమైతే 16000 గంటలు, అంటే 22 నెలల దాకా. మీ పీసులు నాలుగైదు నెలలకు పోవడం మొదలైందన్నారు, 18 నెలల వారంటీ అన్నారు. లెక్క అతికినట్టు సరిపోతోంది.

క్యూసీ_పాతకాపు

శీనూ, లెక్క బాగుంది, కానీ దాన్ని ఉత్తరంలో పెట్టొద్దు. కెపాసిటర్ మీద పడే రిపుల్ కరెంటు ఎంతో మనకి తెలీదు, 2000 గంటలన్నది మనం అనుకున్నది. వాళ్ల ఇంజనీరు ఈ ఒక్క లెక్కను పట్టుకుని, అది తప్పని చూపించి, మిగతా ఉత్తరాన్ని కూడా అదే గాటన కట్టేస్తాడు. కంటితో చూసింది మాత్రమే రాయాలి: శాంపిల్‌లో 105, ఈ లాట్‌లో 85, ఇవిగో రెండు ఫొటోలు. కారణం ఏమిటో వాళ్ల చేత చెప్పించాలి.

ఆ ఫొటోలు కూడా ఎలా తీశారో చూసుకోండి. ఉబ్బిన కెపాసిటర్ ఒక్కటే దగ్గరగా తీస్తే అది ఏ పీసుదో ఎవరికి తెలుస్తుంది? సీరియల్ నంబర్ ఉన్న మూత, లోపలి బోర్డు ఒకే ఫ్రేములో పడాలి. తర్వాత మాత్రమే దగ్గరి ఫొటో.

ఇకముందు ఒక్క పీసు కూడా విప్పకండి. విప్పితే వారంటీ పోతుందని వాళ్ల షరతుల్లో ఉండే ఉంటుంది. మూడు విప్పారు, మిగతా 38 సీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి కదా, అవి బంగారం. వాళ్ల మనిషి సమక్షంలో విప్పుదామని ఉత్తరంలో ప్రతిపాదించండి.

సోల్డరింగ్_శీను

ఒప్పుకుంటాను. అయితే విప్పకుండానే కొలవగలిగేది ఒకటుంది. ఔట్‌పుట్ రిపుల్, అంటే ఔట్‌పుట్ వోల్టేజ్‌లో మిగిలిపోయే చిన్న హెచ్చుతగ్గులు. డేటాషీట్‌లో గరిష్ఠం ఎంతో ఇచ్చి ఉంటారు, కొలిచే పద్ధతి కూడా కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మామూలుగా స్కోపు బ్యాండ్‌విడ్త్ 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించి, ప్రోబ్ దగ్గర వాళ్లు చెప్పిన కెపాసిటర్లు పెట్టి కొలవాలి. ప్రోబ్‌కి ఉండే పొడవాటి గ్రౌండ్ క్లిప్పు వాడితే అదే ఏంటెనాలా పనిచేసి లేని నాయిస్‌ని చూపిస్తుంది, వాళ్లు ఆ రీడింగును ఒప్పుకోరు. పోయినవి, ఇంకా పనిచేస్తున్న కొత్తవి, పాత లాట్‌వి తలా కొన్ని ఒకే లోడ్ మీద కొలవండి.

లా_పాయింట్

రెండు విషయాలు. ఒకటి, ఉత్తరం పైన 'వితౌట్ ప్రెజుడిస్' అని తప్పకుండా రాయండి, మీ హక్కులు భద్రంగా ఉంటాయి. రెండు, సప్లయర్ వేరే దేశంలో ఉంటే అంతర్జాతీయ సరుకుల అమ్మకాల మీద 1980 నాటి వియన్నా ఒప్పందం ఉంది. అందులో లోపం తెలియజేయడానికి రెండేళ్ల గడువు ఇచ్చారు. కాబట్టి కంగారేమీ లేదు, నిదానంగా సాక్ష్యాలు పోగుచేసుకోండి.

క్యూసీ_పాతకాపు

లా_పాయింట్ గారూ, రెండూ సగమే నిజం. చాలా దేశాల కోర్టుల్లో ఆ ముద్ర వేసిన రాజీ ఉత్తరాలను సాక్ష్యంగా చూపనివ్వరు. రేపు 'ఫలానా తేదీన మేం లోపం తెలియజేశాం' అని నిరూపించుకోవాల్సింది ఈ క్లెయిమ్ ఉత్తరంతోనే కదా? దీని మీద ఆ ముద్ర వేస్తే మన చేతులు మనమే కట్టేసుకున్నట్టు. క్లెయిమ్ బాహాటంగా ఉండాలి. తర్వాత బేరసారాలకు రాసే ఉత్తరం వేరు, అక్కడ వాడుకోండి. హక్కుల కోసమైతే 'ఆర్డర్ ప్రకారం మాకున్న ఇతర హక్కులను వదులుకోవడం లేదు' అన్న ఒక్క వాక్యం చాలు.

ఇక ఆ ఒప్పందంలోని 39వ అధికరణం. లోపం కనుక్కున్నాక, లేదా కనుక్కోవాల్సిన సమయం నుంచి, సమంజసమైన వ్యవధిలో తెలియజేయాలి అన్నది అసలు నియమం. రెండేళ్లన్నది దాటకూడని చివరి హద్దు. నిదానంగా కూర్చోమని అందులో లేదు. పైగా ఆ ఒప్పందం అందరికీ వర్తించదు, కాంట్రాక్టులో దాన్ని పక్కన పెట్టేసుకునేవాళ్లూ ఉన్నారు.

లా_పాయింట్

సమంజసమైన వ్యవధి సంగతి ఒప్పుకుంటాను. వితౌట్ ప్రెజుడిస్ గురించి మాత్రం, పైన ముద్ర ఉన్నంత మాత్రాన ఉత్తరం పనికిరాకుండా పోదు, లోపల రాసింది రాజీయా కాదా అన్నదే కోర్టు చూస్తుంది.

క్యూసీ_పాతకాపు

నిజమే. కానీ ఆ వాదన పెట్టుకునే అవసరమే రాకూడదని నా ఉద్దేశం.

లేబుల్_మెషీన్

సార్, మీరడిగింది దొరికింది. మా పెద్ద మోడల్‌లో ఒకే ప్యానెల్‌లో రెండు సప్లైలు ఉంటాయి. ఒకటి మోటారు డ్రైవ్‌కి, ఒకటి కంట్రోల్‌కి. స్టాకు మారే సమయంలో తయారైన ఆరు యంత్రాలకు పాత లాట్‌ది ఒకటి, కొత్త లాట్‌ది ఒకటి పడ్డాయి. ఆ ఆరింటిలో అయిదు కొత్తవి పోయాయి. పాతది ఒక్కటీ పోలేదు.

క్యూసీ_పాతకాపు

అద్భుతం. కానీ ఆగండి. కొత్తవన్నీ మోటారు వైపే ఉంటే ఈ పోలిక నిలవదు, 'అటువైపు లోడ్ ఎక్కువ, అందుకే పోయాయి' అంటారు. ఏవి ఎటువైపు ఉన్నాయి?

లేబుల్_మెషీన్

సర్వీసు రిపోర్టులు తీసి చూశాను. పోయిన అయిదింటిలో మూడు మోటారు వైపు, రెండు కంట్రోల్ వైపు.

క్యూసీ_పాతకాపు

ఇక మీ ఉత్తరానికి వెన్నెముక దొరికినట్టే. అదే ప్యానెల్, అదే కరెంటు, అదే వేడి, అటూ ఇటూ రెండు చోట్లా కొత్త లాట్ మాత్రమే పోయింది. వోల్టేజ్ ఎక్కువైందనీ, మీ ప్యానెల్ వేడెక్కిందనీ ఇక అనలేరు. దీన్ని మొదటి పేజీలో పెట్టండి.

పాత లాట్‌లో అసలు ఒక్కటీ పోలేదా?

లేబుల్_మెషీన్

ఒకటి పోయింది. ఇన్‌పుట్ వైపు ఫ్యూజు కాలిపోయింది. కెపాసిటర్లు బాగానే ఉన్నాయి. అది రాయడం ఎందుకులే అనుకున్నా.

క్యూసీ_పాతకాపు

రాయండి. అది వేరే రకం లోపమని కూడా రాయండి. దాచి, తర్వాత వాళ్లకు తెలిస్తే మీ మిగతా అంకెలన్నీ అనుమానంలో పడతాయి.

స్టోర్స్_అమ్మాయి

సరుకు పంపే సంగతి. ముందు వాళ్ల దగ్గర రిటర్న్ అనుమతి నంబర్ రాతలో తీసుకోండి, అది లేకుండా పంపితే గేటు దగ్గరే ఆపేస్తారు, లేదా ఎక్కడో మూల పడేస్తారు. పోయినవన్నీ ఒకేసారి పంపొద్దు. సగం మీ దగ్గరే ఉంచుకోండి. అన్నీ పంపాక 'పరీక్షించాం, లోపం కనబడలేదు' అని రిపోర్టు వస్తే చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. స్టోర్స్‌లోని 180 పీసులకు ఎర్ర ట్యాగు కట్టి, సిస్టమ్‌లో హోల్డ్ పెట్టేయండి. లోపం ఉందని ఒకవైపు ఉత్తరం రాస్తూ ఇంకోవైపు అవే బిగిస్తుంటే మీ మాటకు విలువ ఉండదు.

లేబుల్_మెషీన్

అందరి మాటా విని మళ్లీ రాశాను. రిపుల్ కూడా శీను చెప్పినట్టే కొలిచాం.

"తేదీ: 3 మార్చి 2025
విషయం: ఆర్డర్ నంబర్ 1187, డేట్ కోడ్ 2412 లాట్‌పై వారంటీ క్లెయిమ్

అయ్యా,

పై ఆర్డర్ కింద 15 ఏప్రిల్ 2024న మీరు పంపిన 24 వోల్టుల, 5 ఆంపియర్ల పవర్ సప్లైలు 500 మాకు అందాయి. ఆర్డర్ షరతుల ప్రకారం వీటికి డిస్పాచ్ నుంచి 18 నెలల వారంటీ ఉంది. ఈ లాట్‌లో మేం బిగించిన 320 పీసులలో ఈనాటికి 41 పాడయ్యాయి. సీరియల్ నంబర్లు, బిగించిన తేదీ, పోయిన తేదీ జతచేసిన పట్టికలో ఉన్నాయి.

మేం గమనించినవి ఇవి. ఆరు యంత్రాల్లో 2338 లాట్ పీసు, 2412 లాట్ పీసు ఒకే ప్యానెల్‌లో పనిచేస్తున్నాయి. వాటిలో 2412 పీసులు అయిదు పాడయ్యాయి, మూడు మోటారు వైపు, రెండు కంట్రోల్ వైపు. 2338 పీసు ఒక్కటీ పాడవలేదు. మొత్తం 2338 లాట్‌లో 200కి ఒకటి పాడైంది, అది ఇన్‌పుట్ ఫ్యూజుకు సంబంధించిన వేరే లోపం.

మా యంత్రంలో కొలిచిన లోడ్ 3.2 ఆంపియర్లు, ప్యానెల్ లోపలి ఉష్ణోగ్రత 46 డిగ్రీలు. రెండూ మీ డేటాషీట్ పరిమితిలోనే ఉన్నాయి. డేటాషీట్‌లో చెప్పిన పద్ధతిలోనే కొలిస్తే, పాడైన పీసుల్లో ఔట్‌పుట్ రిపుల్ మీరు హామీ ఇచ్చిన 150 మిల్లీవోల్టులను బాగా దాటింది. రీడింగులు జతచేశాం.

విప్పి చూసిన మూడు పీసుల్లో ఔట్‌పుట్ కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి, వాటి మీద 85 డిగ్రీల గుర్తు ఉంది. మీరు ఆమోదానికి ఇచ్చిన శాంపిల్‌లో అదే స్థానంలో 105 డిగ్రీలవి ఉన్నాయి. ఈ మార్పు గురించి మాకు ఎలాంటి సమాచారం రాలేదు. మిగిలిన 38 పీసులు విప్పలేదు, మీ ప్రతినిధి సమక్షంలో విప్పేందుకు సిద్ధంగా ఉన్నాం.

మేం కోరుతున్నవి:
మొదట, ఈ ఉత్తరం అందినట్టు, రిటర్న్ నంబర్‌తో సహా 10 మార్చి లోపు తెలియజేయాలి. పాడైన 41, మా స్టోర్స్‌లో ఆపి ఉంచిన 180, మొత్తం 221 పీసులకు బదులు ఆమోదించిన శాంపిల్‌కి సరిపోయే కొత్త పీసులు 31 మార్చి లోపు మీ ఖర్చుతో పంపాలి. రిపేర్ చేసినవి అంగీకరించం.
తర్వాత, యంత్రాల్లో నడుస్తున్న 279 పీసులను దశలవారీగా మార్చేందుకు అన్నే కొత్త పీసులు ఇవ్వాలి. మార్చిన పీసులన్నిటికీ 18 నెలల వారంటీ కొత్తగా మొదలవ్వాలి.
కారణంపై మీ రాతపూర్వక నివేదిక, ఇలాంటి మార్పు ఇంకే లాట్‌లో జరిగిందో వివరం ఇవ్వాలి.
పీసులు మార్చడానికి మాకైన సర్వీసు ఖర్చుల వివరం విడిగా పంపుతాం. దానిపై చర్చ పైవాటికి అడ్డు కాకూడదు.

ఆర్డర్ ప్రకారం మాకున్న ఇతర హక్కులను వదులుకోవడం లేదు."

క్యూసీ_పాతకాపు

ఇది వస్తే నేను మొదట మా పర్చేజ్ వాళ్ల దగ్గరికి పరిగెత్తేవాణ్ణి, కెపాసిటర్ ఎవరు మార్చారని. సర్వీసు ఖర్చును విడదీయడం మంచి పని. అది బహుశా మీ ఆర్డర్ షరతుల్లో పరోక్ష నష్టం కింద తీసేసి ఉంటారు, దాన్ని కలిపేస్తే కొత్త పీసులు కూడా ఆ గొడవలో ఇరుక్కుంటాయి. 'బాగా దాటింది' అన్నచోట మాత్రం అంకె వేయండి. పట్టికలో ఉన్నా సరే, ఉత్తరం చదివేవాడు పట్టిక తెరవకపోవచ్చు.

స్టోర్స్_అమ్మాయి

వాళ్లకు ఇంకా కట్టాల్సిన బిల్లు ఏదైనా ఉంటే ఆపేయండి. డబ్బు ఆగితేనే కదులుతారు.

లా_పాయింట్

ఆర్డర్‌లో అలా మినహాయించుకునే హక్కు రాసుకుని ఉంటేనే. లేకపోతే మీరే కాంట్రాక్టు తప్పినట్టు వాళ్లు ఎదురు క్లెయిమ్ వేస్తారు. ఈసారి నా మాట వినండి.

స్టోర్స్_అమ్మాయి

కాగితం మీద మీరన్నది సరే. ఎన్నోసార్లు ఇదే పనిచేయడం చూశాను.

లేబుల్_మెషీన్

జవాబు వచ్చింది. 221 పీసులు కొత్తవి ఇస్తామన్నారు. కెపాసిటర్ సరఫరాలో ఇబ్బంది వచ్చి 'సమానమైన పార్ట్' వాడామని ఒప్పుకున్నారు. నడుస్తున్న 279 మాత్రం పోయినప్పుడల్లా ఒక్కొక్కటీ మారుస్తామంటున్నారు. 'క్లెయిమ్ పరిష్కారమైంది' అన్న కాగితం మీద సంతకం అడుగుతున్నారు.

క్యూసీ_పాతకాపు

221 తీసుకోండి, ఆ కాగితం మీద సంతకం వద్దు. '221 పీసులు అందాయి, 279 పై క్లెయిమ్ కొనసాగుతోంది' అని మీరే రాసి పంపండి. పార్ట్ మార్చామని వాళ్లు రాసిన మెయిలు జాగ్రత్త. అదే పార్ట్ ఆ 279లోనూ ఉందా అని ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి. ఉందంటే పోయేదాకా ఆగమనడానికి వాళ్ల దగ్గర కారణం ఉండదు. 'పోయినప్పుడల్లా' అన్నదానికి మీరు ఒప్పుకున్నా, 14 అక్టోబర్ 2025తో వారంటీ అయిపోతుంది, ఆ తర్వాత పోయేవాటి సంగతేమిటో ముందే రాతలో తేల్చుకోండి.

సోల్డరింగ్_శీను

కొత్తవి వచ్చాక బిగించేముందు ఒకటి రెండు మూత తీసి కెపాసిటర్ మీద ఎంత రాసుందో చూడండి అన్నా. వాటికి వారంటీ పోకుండా, చూసుకోవచ్చని వాళ్ల దగ్గర ముందే మెయిల్‌లో ఒప్పుకోలు తీసుకోండి.